‘మీకు ఎప్పుడు వీలు?’ అని అడగకుండా మీటింగ్ మార్చడం

ప్రశ్న: ఎనిమిది మంది ఉన్న ఒక ప్రాజెక్టుకు నేను కోఆర్డినేటర్‌ని. గురువారం మధ్యాహ్నం 3 గంటలకు ఉన్న రివ్యూ మీటింగ్ నాకు కుదరక, మంగళవారం పొద్దున అందరికీ ఈ మెయిల్ పెట్టాను: “అందరికీ నమస్కారం. అనివార్య కారణాల వల్ల గురువారం మీటింగ్ జరగకపోవచ్చు. అసౌకర్యానికి చాలా చింతిస్తున్నాను. దయచేసి మీకు ఎప్పుడు వీలవుతుందో తెలియజేయగలరు.” రెండు రోజుల్లో 19 జవాబులు వచ్చాయి, అన్నీ రిప్లై ఆల్‌లోనే. అయినా టైమ్ తేలలేదు. ఒకాయన గురువారం 3 గంటలకు లాగిన్ అయి కూర్చున్నారు కూడా. మా వాళ్లలో ఒకావిడ మాకంటే నాలుగున్నర గంటలు వెనక ఉన్న దేశం నుంచి పనిచేస్తారు. ఈ మెయిల్‌ని ఎలా మార్చి రాస్తే బాగుండేది?

సమాధానం: మీ మెయిల్‌లో మర్యాదకు లోటేమీ లేదు. ఇబ్బంది పెట్టినవి రెండు: ‘జరగకపోవచ్చు’ అన్న మాట, ‘ఎప్పుడు వీలవుతుందో’ అన్న ప్రశ్న.

మొదటిది చూద్దాం. మీటింగ్ మారుతోందని మెయిల్ రాగానే ఎవరైనా ముందు వెతికేది కొత్త టైమ్ కాదు, పాత టైమ్ సంగతి. గురువారం 3 గంటలు ఇప్పుడు నా చేతిలో ఉందా లేదా అన్నది తేలితే ఆ గంటలో వాళ్లు వేరే పని పెట్టుకోగలరు. ‘జరగకపోవచ్చు’ అంటే ఆ గంట ఇంకా మీ దగ్గరే తాకట్టులో ఉన్నట్టు. లాగిన్ అయి కూర్చున్న ఆయన తప్పేమీ చేయలేదు, మెయిల్‌ని సరిగ్గానే చదివారు. మీకు రావడం కుదరదని తేలిపోయినప్పుడు ‘రద్దు చేశాను, ఆ సమయం మీదే’ అని సూటిగా రాయాలి. కుదురుతుందో లేదో మీకే ఇంకా తెలియకపోతే అసలు మెయిల్ పెట్టకండి. తెలిసేదాకా ఆగి, తెలిశాక ఒక్కసారే పెట్టండి.

ఇక ఆ ప్రశ్న. ఏడుగురిని ‘ఎప్పుడు వీలు?’ అని అడిగితే ఏడు రకాల జవాబులు వస్తాయి. ఒకరు ‘శుక్రవారం తప్ప ఎప్పుడైనా’ అంటారు, ఇంకొకరు ‘పొద్దున పూట అయితే బాగుంటుంది’ అంటారు, మరొకరు ‘మిగతావాళ్లను బట్టి’ అంటారు. వీటిని ఒకదానిమీద ఒకటి పేర్చి చూసి అందరికీ కలిసే గంటను పట్టుకోవాల్సింది మీరు. అది కూడా, మొదట జవాబిచ్చినవాళ్ల శుక్రవారం ఈలోగా నిండిపోకపోతేనే. టైమ్ వెతికే పని నిజానికి మీటింగ్ మార్చేవాళ్లది. మీ ప్రశ్న ఆ పనిని ఏడుగురికి పంచిపెట్టింది, 19 మెయిళ్లు అందుకే వచ్చాయి. ఆ పనిని మళ్లీ మీ దగ్గరకే తెచ్చుకుంటే మెయిల్ దానంతటదే మారిపోతుంది.

కాబట్టి రాయడం మొదలుపెట్టే ముందు ఒక పావుగంట క్యాలెండర్ దగ్గర కూర్చోండి. ఏడుగురిలో ఎవరు లేకపోతే ఈ మీటింగ్ పెట్టి లాభం లేదో ముందు తేల్చుకోండి. మీ రివ్యూలో డిజైన్ ఖరారు కావాలి, విడుదల తేదీ తేలాలి అనుకుందాం. అప్పుడు డిజైన్ చూసేవారు, ఖర్చులు చూసేవారు, విడుదల పని చూసే, వేరే దేశం నుంచి పనిచేసే ఆవిడ, ఈ ముగ్గురూ తప్పనిసరి. మిగతా నలుగురు ఉంటే మంచిదే, కానీ వాళ్లు లేకపోయినా నిర్ణయం ఆగదు. ఇది ఎవరినీ తక్కువ చేయడం కాదు. ఎనిమిది మందికీ నూటికి నూరుపాళ్లు కుదిరే గంట కోసం చూస్తే వారం గడిచిపోతుంది. అదే, మీతో కలిపి నలుగురికి కలిసే గంట సాధారణంగా ఒకటి రెండు రోజుల్లోనే దొరుకుతుంది.

మీ ఆఫీసులో క్యాలెండర్లు ఒకరివి ఒకరికి కనిపిస్తుంటే పని సులువు. Outlook లో ఇన్వైట్ తెరిచి `Scheduling Assistant` చూడండి. Google Calendar లో అయితే `Find a time`. అందరి ఖాళీలూ పక్కపక్కన కనిపిస్తాయి. కాకపోతే అక్కడ ఖాళీగా కనిపించే గంట నిజంగా ఖాళీ అని పూర్తిగా నమ్మకండి. కొందరు తమ సొంత పనులను క్యాలెండర్‌లో ఎక్కించరు. కొందరికి ఒక మీటింగ్ 2:30కి ముగిసి ఇంకొకటి 3:15కి మొదలవుతుంది, మధ్యలో మిగిలిన ముప్పావు గంట వాళ్లకు భోజనానికి ఉన్న సమయం. రెండు మీటింగుల మధ్య సరిగ్గా ఇరికే ఖాళీ కనిపిస్తే దాన్ని వదిలేయండి. క్యాలెండర్ చూసేది కుదరని గంటలను ముందే తీసేయడానికి. మిగిలినవి నిజంగా కుదురుతాయో లేదో వాళ్లనే అడగాలి.

అలా మిగిలినవాటిలోంచి మూడు స్లాట్లు తీయండి. ఇది నేను చాలాసార్లు చేసి చూశాకే చెబుతున్నాను. ఒక్కటే ఇస్తే అది ఆర్డర్ వేసినట్టు ఉంటుంది, ఒక్కరు కాదన్నా కథ మొదటికొస్తుంది. ఐదారు ఇస్తే ఉదారంగా కనిపిస్తుంది కానీ దాని ఖరీదు ఎవరూ లెక్కపెట్టరు. మీరు ఇచ్చిన ప్రతి స్లాట్‌నీ, మీరు తేల్చేదాకా అందరూ పట్టుకుని కూర్చోవాలి. ముప్పావు గంట మీటింగ్‌కి మూడు స్లాట్లు ఇచ్చారనుకోండి, ఏడుగురి దగ్గర కలిపి 15 గంటల 45 నిమిషాలు ఆగిపోయినట్టు. ఆరు స్లాట్లిస్తే 31 గంటలు దాటుతుంది. ఆ గంటల్లో వాళ్లు ఇంకెవరికీ మాటివ్వలేరు. స్లాట్లు తక్కువగా ఉండాలనేదీ, జవాబుకు దగ్గరి గడువు పెట్టాలనేదీ, ఎంచుకోని స్లాట్లను వదిలేస్తున్నానని చెప్పాలనేదీ ఈ లెక్క వల్లే.

మూడూ ఒకే తీరుగా ఉండకూడదు. శుక్రవారం 2, శుక్రవారం 3, శుక్రవారం 4 అని ఇస్తే, శుక్రవారం సెలవు పెట్టినవాళ్లకు మీరు ఇచ్చింది సున్నా. రోజులు మార్చండి, పూట కూడా వీలైనంత మార్చండి. మీ విషయంలో పూట మార్చడానికి పెద్దగా చోటు లేదు. మీ పొద్దున 10:30 ఆవిడకు తెల్లవారి 6:00. ఆవిడ పని తొమ్మిదింటికి మొదలవుతుందనుకుంటే మీ మధ్యాహ్నం 1:30 నుంచి సాయంత్రం దాకా ఉన్న సమయమే ఇద్దరికీ పనికొచ్చేది. పొద్దున స్లాట్ ఒకటి మాటవరసకు ఇచ్చినా ఆవిడ మొహమాటపడి ‘సరే’ అనేస్తారు, అందుకే ఇవ్వకండి. ఇంకో సంగతి. కొన్ని దేశాల్లో ఏడాదికి రెండుసార్లు గడియారం గంట ముందుకీ వెనక్కీ జరుపుతారు. అమెరికాలో చాలా చోట్ల మార్చి రెండో ఆదివారం, యూరప్‌లో మార్చి చివరి ఆదివారం జరుపుతారు. మీ స్లాట్లు అలాంటి ఆదివారానికి ముందొకటీ తర్వాతొకటీ పడితే, తేడా ఒకదానికి నాలుగున్నర గంటలు, ఇంకోదానికి వేరే ఉంటుంది. అందుకని వేళ్లమీద లెక్కపెట్టకుండా క్యాలెండర్‌లోనే ఆవిడ టైమ్ జోన్ పెట్టి చూసుకోండి.

ఇప్పుడు మెయిల్. మీ గురువారం మార్చి 12 అనీ, మెయిల్ మంగళవారం 10వ తేదీ పొద్దున వెళుతోందనీ అనుకుని రాస్తున్నాను.

> సబ్జెక్ట్: 12 గురువారం 3:00 రివ్యూ రద్దు – కొత్త సమయానికి జవాబు బుధవారం 3:00 లోపు
>
> అందరికీ నమస్కారం.
>
> మార్చి 12 గురువారం మధ్యాహ్నం 3:00 రివ్యూ మీటింగ్ రద్దు చేశాను. ఆ సమయాన్ని మీరు వేరే పనికి వాడుకోవచ్చు. అదే సమయానికి నేను తప్పనిసరిగా వెళ్లాల్సిన మరో పని పడింది. ఆలస్యంగా చెబుతున్నందుకు క్షమించండి.
>
> దీనికి బదులు ఈ మూడింటిలో ఒకటి అనుకుంటున్నాను (45 నిమిషాలు, పాత లింకే):
>
> A – మార్చి 13 శుక్రవారం, మధ్యాహ్నం 2:30–3:15 (అక్కడ ఉదయం 10:00)
> B – మార్చి 16 సోమవారం, సాయంత్రం 4:30–5:15 (అక్కడ మధ్యాహ్నం 12:00)
> C – మార్చి 17 మంగళవారం, మధ్యాహ్నం 2:00–2:45 (అక్కడ ఉదయం 9:30)
>
> మీకు కుదిరే అక్షరాలన్నీ బుధవారం మధ్యాహ్నం 3:00 లోపు నాకు ఒక్కరికే రాయండి. ‘A, C’ అని రాస్తే చాలు. మూడూ కుదరకపోతే ‘ఏదీ కాదు’ అని రాయండి, నేను ఫోన్ చేస్తాను.
>
> డిజైన్, ఖర్చులు, విడుదల చూసే ముగ్గురికీ కుదిరేవాటిలో ముందుగా వచ్చేది ఖరారు చేసి, బుధవారం 4:00 కల్లా ఇన్వైట్ మారుస్తాను. అప్పుడు మిగతా రెండు స్లాట్లూ మీకు ఖాళీ అయినట్టే.

ఇందులో కొన్ని మాటలు ఎందుకలా రాశానో చెబుతాను.

సబ్జెక్ట్‌లో ‘మీటింగ్ గురించి’ అని ఉంటే ఆ మెయిల్ సాయంత్రందాకా తెరవకుండా ఉండిపోవచ్చు. ఫోన్ తెరమీద సబ్జెక్ట్ సగమే కనిపిస్తుంది కాబట్టి తేదీ, ‘రద్దు’ అన్న మాట మొదట్లోనే రావాలి. సబ్జెక్ట్ ఒక్కటే చదివినవాళ్లు కూడా గురువారం 3 గంటలకు వచ్చి కూర్చోరు.

క్షమాపణ ఒక్క వాక్యం. మనం రాసే మెయిళ్లలో ‘అసౌకర్యానికి చాలా చింతిస్తున్నాను, దయచేసి అన్యథా భావించవద్దు, మీ సహకారానికి ముందస్తు కృతజ్ఞతలు’ అంటూ పోవడం అలవాటు. అది చదివినవాళ్లకు ‘పర్లేదండీ’ అని జవాబు రాయక తప్పదనిపిస్తుంది. మీకొచ్చిన 19లో అలాంటివి ఎన్నో ఒకసారి చూసుకోండి. కారణం విషయంలోనూ ఇంతే. ‘అనివార్య కారణాలు’ అంటే ఏమీ చెప్పనట్టే, పైగా ఏం జరిగిందోనని కంగారు కూడా పెడుతుంది. అలాగని పూర్తి కథ అక్కర్లేదు. మరో పని పడింది, ఒంట్లో బాగాలేదు, రిపోర్టు ఇంకా రాలేదు, ఇంతవరకు చాలు. మూడోది అయితే మాత్రం రిపోర్టు ఎప్పుడొస్తుందో కూడా రాయాలి, ఎందుకంటే అది రాకముందు ఏ స్లాట్ పెట్టినా మళ్లీ మార్చాల్సి వస్తుంది.

తేదీ, వారం రెండూ రాశాను. ‘వచ్చే మంగళవారం’ అన్నది తెలుగులో చాలా మోసం చేసే మాట. ఆదివారం నాడు ఆ మాట అంటే కొందరికి అది ఎల్లుండి, కొందరికి ఆపై వారం. ‘ఎల్లుండి’ కూడా మెయిల్‌లో పనికిరాదు, మీరు మంగళవారం పంపింది వాళ్లు బుధవారం తెరవచ్చు. వారం, తేదీ రెండూ ఉంటే ఇంకో లాభం ఉంది: మీరు తేదీ తప్పు కొట్టినా వారంతో సరిపోలక ఎవరో ఒకరు పట్టుకుంటారు. ముగిసే సమయం కూడా రాయండి. 5:15కి ముగుస్తుందని తెలిస్తేనే 5:30కి వెళ్లిపోవాల్సినవాళ్లు B కి సరే అనగలరు.

‘కుదిరే అక్షరాలన్నీ’ అని అడగడం ముఖ్యం. ‘ఏది కావాలి?’ అని అడిగితే ప్రతివాళ్లూ తమకు నచ్చిన ఒక్కటే రాస్తారు, మూడు స్లాట్లకూ ఓట్లు చీలిపోతాయి, మీరు మళ్లీ రెండో మెయిల్ పెట్టాలి. ఇష్టం కంటే వీలు తెలియడం మీకు అవసరం. ‘నాకు ఒక్కరికే’ అన్న మాట లేకపోతే అలవాటుకొద్దీ రిప్లై ఆల్ నొక్కుతారు. దాన్ని ఆపడానికి కొందరు అందరినీ బీసీసీలో పెడతారు, నాకది నచ్చదు. ఎవరెవరికి మెయిల్ వెళ్లిందో ఒకరికొకరికి తెలియక, పక్కవాళ్లకు ఫార్వర్డ్ చేయడం మొదలవుతుంది. పది పన్నెండు మంది దాటితే అక్షరాల లెక్క కూడా చేతికి భారమే, అప్పుడు ఓటింగ్ పోల్ లింక్ పెట్టుకోండి. ఏడుగురికి మెయిల్ చాలు.

గడువు బుధవారం 3:00 అని ఊరికే పెట్టలేదు. అది ఆవిడకు ఉదయం 10:30. మధ్యాహ్నం 1:00 అని ఉంటే ఆవిడకు ఉదయం 8:30, డ్యూటీ మొదలవకముందే గడువు అయిపోయేది. స్లాట్ల విషయంలో వేరే దేశంలో ఉన్నవాళ్లను గుర్తుంచుకునేవాళ్లు కూడా గడువు దగ్గర మర్చిపోతుంటారు.

గడువు దగ్గరపడినా జవాబు రానివాళ్ల సంగతేంటి? తప్పనిసరి కాని నలుగురిలో ఎవరైనా పలకకపోతే పలకనట్టే వదిలేసి ముందుకెళ్లండి, ఇన్వైట్ ఎలాగూ వస్తుంది. తప్పనిసరి ముగ్గురిలో ఒకరు పలకకపోతే మాత్రం మౌనాన్ని ఒప్పుకోలు అనుకోకండి. గడువుకు గంట ముందు, అంటే 2 గంటలకు, ఒక ఫోన్ చేయండి లేదా చాట్‌లో ‘A, B, C లో ఏవి కుదురుతాయి?’ అని ఒక్క ముక్క అడగండి. అందరికీ కలిపి రిమైండర్ మెయిల్ పెట్టకండి, జవాబిచ్చినవాళ్లు దాన్ని చదవాల్సిన పనిలేదు.

జవాబులు ఇలా వచ్చాయనుకుందాం. డిజైన్ చూసేవారు B, C అన్నారు. ఖర్చులు చూసేవారు మూడూ. ఆవిడ A, B. మిగతా నలుగురిలో ఇద్దరు మూడూ కుదురుతాయన్నారు, ఒకరు C మాత్రమే అన్నారు, ఒకరు పలకలేదు. ముగ్గురికీ కలిసింది B ఒక్కటే. C మాత్రమే అన్నవారి కోసం మళ్లీ తిరగేయకండి. ఏ పద్ధతిలో తేలుస్తారో మీరు మెయిల్‌లోనే చెప్పారు కాబట్టి తనను పక్కన పెట్టారని ఆ మనిషి అనుకోరు. అయినా వాళ్లకు విడిగా రెండు వాక్యాలు రాయండి: “సోమవారం 4:30 ఖరారైంది, మీకు కుదరదని చూశాను. విడుదల తేదీ మీద మీ మాట ఏదైనా ఉంటే సోమవారం మధ్యాహ్నంలోపు రాయండి, మీటింగ్‌లో ముందు దాన్నే చదువుతాను.” రాశాక నిజంగానే చదవండి.

ఖరారయ్యాక ఇన్వైట్ దగ్గర తప్పు జరిగే అవకాశం ఉంది. పాత ఇన్వైట్‌ని తీసేసి కొత్తది పెట్టకండి, ఉన్నదాని సమయమే మార్చి అప్‌డేట్ పంపండి. అప్పుడు లింకు, జత చేసిన ఫైళ్లు, నోట్సు అలాగే ఉంటాయి, పాతదీ కొత్తదీ రెండూ క్యాలెండర్‌లో కనిపించే గందరగోళం ఉండదు. మీ రివ్యూ వారంవారం జరిగేదైతే ఇంకా జాగ్రత్త. Google Calendar లో సమయం మార్చి సేవ్ చేస్తుంటే `This event`, `This and following events`, `All events` అని అడుగుతుంది. మీకు కావలసింది `This event` మాత్రమే. నేను పనిచేసిన ఒక టీమ్‌లో ఒకరు తొందరలో `All events` నొక్కేశారు. ఆ వారం ఎవరూ గమనించలేదు. పై వారం సగం మంది పాత సమయానికీ సగం మంది కొత్త సమయానికీ వచ్చారు. ఎక్కడ తేడా కొట్టిందో కనుక్కునేసరికి ఒక రోజు పోయింది. మార్చిన వెంటనే క్యాలెండర్‌లో తర్వాతి వారం తెరిచి, అది పాత గురువారం 3 గంటల దగ్గరే ఉందో లేదో ఒకసారి చూసుకోండి. మీటింగ్ రూమ్ కూడా బుక్ చేసి ఉంటే గురువారం బుకింగ్ వదిలేశారో లేదో కూడా చూసుకోండి.

ఆ తర్వాత అదే మెయిల్ థ్రెడ్‌లో ఒక్క లైను:

> ఖరారు: B – మార్చి 16 సోమవారం సాయంత్రం 4:30–5:15 (అక్కడ మధ్యాహ్నం 12:00). ఇన్వైట్ మార్చాను. A, C సమయాలు ఇక మీవే.

దీనికి ఎవరూ జవాబివ్వాల్సిన అవసరం లేదు. ‘అందినట్టు తెలియజేయగలరు’ అని చివర తగిలించకండి, ఇన్వైట్‌లో వాళ్లు నొక్కే అంగీకారమే మీకు ఆ కబురు చెబుతుంది.

ఇదంతా కనీసం ఒక రోజు ముందు తెలిసినప్పటి పద్ధతి. మీటింగ్ ఇంకో గంట రెండు గంటల్లో ఉండగా మీకు కుదరదని తెలిస్తే ఈ మెయిల్ రాస్తూ కూర్చోవద్దు. ముందు ఇన్వైట్ రద్దు చేసి, ‘ఇవాళ 3:00 మీటింగ్ లేదు, కొత్త స్లాట్లు సాయంత్రం 6 లోపు పంపుతాను’ అని చాట్‌లో పెట్టండి. ఆ సమయానికి దారిలో ఉండే అవకాశం ఉన్నవాళ్లకు ఫోన్ చేయండి. స్లాట్ల మెయిల్ సాయంత్రం తీరిగ్గా రాసుకోవచ్చు.